మా రోజుల్లో డబ్బు మనిషి చేతుల మీదుగా వచ్చేది

ఆత్మకూరు అనే పేరు గల ఊళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. మాది నల్లమల అంచున, శ్రీశైలం పోయే దారిలో ఉన్న ఆత్మకూరు. మొన్నమొన్నటి దాకా కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. నెల్లూరు జిల్లాలో ఒక ఆత్మకూరు ఉంది, అనంతపురం జిల్లాలో ఇంకొకటి, తెలంగాణలో వనపర్తి వైపు మరొకటి. మా చిన్నతనంలో బళ్లారికో బెంగళూరుకో పనులకు పోయినోళ్లు ఇంటికి పంపిన మనియార్డరు ఒక్కోసారి నెల్లూరు ఆత్మకూరుకు పోయేది. అక్కడ పోస్టుమ్యాన్ వాకబు చేసి, ఫలానా తండ్రి కొడుకు ఫలానా ఆయన ఈ ఊళ్లో లేడని రాసి తిప్పి పంపేవాడు. డబ్బు ఆలస్యంగా అందేది. అంతే తప్ప ముక్కూమొహం తెలియని వాడి చేతిలో పడేది కాదు.

ఎందుకు పడేది కాదో ఈ కాలం పిల్లలకు చెప్పాలి. పోస్టుమ్యాన్ ఇంటి ముందు సైకిల్ ఆపి, ముందు మనిషిని చూసేవాడు. ‘మీ నాయన పేరేంది? ఎవరు పంపినారు? ఎంత పంపినారు?’ అని అడిగేవాడు. సంతకం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించి, పక్కింటాయనతో సాక్షి సంతకం చేయించేవాడు. ఆ తర్వాతే నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. పుచ్చుకున్నట్టు రాసిన చీటీ పంపినవాడికి తిరిగి చేరేది. పొరపాటు ఏదైనా ఉంటే డబ్బు చేతులు మారకముందే బయటపడేది.

బ్యాంకులోనూ అంతే. నేను గ్రామీణ బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. అప్పుడది రాయలసీమ గ్రామీణ బ్యాంకు, 2006లో ఆంధ్రా ప్రగతి గ్రామీణ బ్యాంకు అయింది, 2025 మే నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అని బోర్డు మార్చినారు. మా కాలంలో వేరే బ్రాంచి నుంచి డబ్బు జమకు కాగితం వస్తే దాని మీద ఖాతా నంబరూ ఉండేది, పేరూ ఉండేది. లెడ్జరు తిప్పి రెండూ కలిస్తేనే జమ రాసేవాళ్లం. నంబరు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే ఆ మొత్తాన్ని సస్పెన్స్ ఖాతాలో పెట్టి, పంపిన బ్రాంచికి ఉత్తరం రాసేవాళ్లం. జవాబు వచ్చేదాకా ఆ డబ్బు ఎవరిదీ కాదు. అది ఎవరి పాసుబుక్కులోనూ కనిపించేది కాదు, కాబట్టి ఎవరికీ ఆశ పుట్టేది కాదు.

ఇప్పుడు ఆ మధ్య మెట్టు లేదు. నెఫ్ట్, ఆర్టీజీఎస్ జమలు కేవలం ఖాతా నంబరు చూసి వేయవచ్చని రిజర్వు బ్యాంకు 2010 అక్టోబరులోనే చెప్పింది. పేరు సరిచూసుకునే బాధ్యత పంపేవాడి మీద పడింది. పంపేవాడు ఒక్క అంకె తప్పు కొడితే, ఆ నంబరుతో వేరే ఖాతా ఉంటే చాలు, డబ్బు అక్కడికే పోతుంది. పంపే ముందు అవతలి ఖాతాదారు పేరు తెర మీద చూపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోగా పెట్టాలని బ్యాంకులకు చెప్పినారు. ఇంత అవసరమైన పనికి దాదాపు పదిహేనేళ్లు పట్టింది. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో పేరు కనిపిస్తుంది కానీ, దాన్ని చదివి పంపేవాళ్లు ఎంతమంది?

కాబట్టి ఈ రోజుల్లో డబ్బు ముందు వస్తుంది. మనిషి తర్వాత ఫోన్‌లో వస్తాడు. వచ్చినవాడు ఆ డబ్బు గల మనిషేనా అన్నది తేల్చేవాళ్లు లేరు. నా కోపమంతా ఇక్కడే.

మా వీధిలో టిఫిన్ల అంగడి పెట్టుకున్న పిల్లోడు ఉన్నాడు. నన్ను పెదనాయనా అంటాడు. శ్రీశైలం పోయే యాత్రికులు దిగి తింటారు, గోడకు అంటించిన క్యూఆర్ కాగితం మీదే బేరమంతా. ఒక రాత్రి అంగడి కట్టేసే వేళకు వాడి ఖాతాలో 20,000 రూపాయలు పడింది. పంపిన పేరు ఉత్తరాది పేరు. కాసేపటికి ఫోన్ వచ్చింది. తెలుగులోనే మాట్లాడినాడు. ‘అన్నా, మా అమ్మ ఆస్పత్రిలో ఉంది, డబ్బులు కట్టబోయి నంబరు తప్పు కొట్టినాను, నీ కాళ్లు మొక్కుతా, ఈ నంబరుకు వెయ్యి’ అని ఇంకో నంబరు చెప్పినాడు. పిల్లోడు మంచి పెంపకంలో పెరిగినాడు. ఎవరిదో సొమ్ము మనకెందుకని వెంటనే పంపబోయినాడు. వాళ్లమ్మ నన్ను అడిగి పంపమంది.

నేను వద్దన్నాను. మా రోజుల్లో ఎవరి డబ్బు వాళ్లకు ఆ క్షణంలో ఇచ్చేయడమే మర్యాద. ఈ రోజుల్లో ఆ తొందర మర్యాదనే దొంగలు వాడుకుంటున్నారు. తిరిగి ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ మనం మన ఫోన్‌తో ఇవ్వకూడదు. వచ్చిన దారిలోనే, వచ్చిన ఖాతాకే, బ్యాంకు ద్వారా పోవాలి.

ముందు డబ్బు నిజంగా వచ్చిందా అని చూసినాము. ఈ మోసంలో ఒక రకం ఇదే. జమ అయినట్టు ఒక దొంగ మెసేజి వస్తుంది, డబ్బు మాత్రం రాదు. మనం కంగారులో ‘తిరిగి’ పంపేది మన సొంత డబ్బు. బ్యాంకు మెసేజి మామూలు పది అంకెల మొబైలు నంబరు నుంచి రాదు. అయినా మెసేజిని నమ్మే పని లేదు. వాళ్లు పంపిన స్క్రీన్‌షాట్‌ను అసలే నమ్మొద్దు. మన యాప్ మనమే తెరిచి లావాదేవీల పట్టీ చూడాలి, లేదా ఏటీఎంలో మినీ స్టేట్‌మెంటు తీసుకోవాలి, లేదా తెల్లారి పాసుబుక్కు ముద్ర వేయించుకోవాలి. పిల్లోడి ఖాతాలో డబ్బు నిజంగానే పడింది. దాని పక్కన 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంది. యూపీఐ లావాదేవీకి అదే గుర్తు. దాన్ని కాగితం మీద రాసుకోమన్నాను.

తర్వాత చూసింది, పంపిన ఖాతా ఎవరిది, తిరిగి వేయమంటున్న నంబరు ఎవరిది అని. రెండూ వేరు. ఇదొక్కటి చాలు అనుమానించడానికి. నిజంగా పొరపాటు చేసినవాడికి డబ్బు తన ఖాతాకే తిరిగి వస్తే చాలు కదా, ఇంకో నంబరు ఎందుకు? ఆ మాటే అడగమన్నాను. ‘ఆ ఖాతా పనిచేయడం లేదన్నా’ అన్నాడు. మళ్లీ ఒక క్యూఆర్ పంపి, స్కాన్ చేసి పిన్ కొట్టు చాలన్నాడు. పిన్ కొట్టేది డబ్బు మన ఖాతా నుంచి పోవడానికే. రావడానికి ఎప్పుడూ పిన్ అక్కర్లేదు.

పిల్లోడి చేత నేను చెప్పించిన జవాబు ఇది: ‘మీరు మీ బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వండి, యూటీఆర్ నంబరు చెప్పండి. మీ బ్యాంకు మా బ్యాంకును అడుగుతుంది. నేను రేపే మా బ్రాంచిలో ఒప్పుకోలు రాసిస్తా.’ పొరపాటు చేసిన అసలు మనిషి అయితే ఈ జవాబుతో ఊపిరి పీల్చుకుంటాడు. ఎందుకంటే నిజమైన దారి అదే. వాడు మాత్రం బూతులకు దిగినాడు, పోలీసు కేసు పెడతానన్నాడు. పిల్లోడు భయపడినాడు. పెట్టుకోమని చెప్పి ఫోన్ కట్టేయించినాను.

తెల్లారి బ్రాంచికి పోయి తెల్లకాగితం మీద దరఖాస్తు రాసినాము. ఇలాంటి కాగితం ఎలా రాయాలో చాలామందికి తెలియదు కాబట్టి మాటలు చెబుతాను. ‘బ్రాంచి మేనేజరు గారికి. నా ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీ, ఫలానా సమయానికి, ఫలానా యూటీఆర్ నంబరుతో నా ఖాతాలో 20,000 రూపాయలు జమ అయినది. పంపిన వ్యక్తి నాకు తెలియదు. ఆయనతో నాకు ఏ లావాదేవీ లేదు. ఈ మొత్తాన్ని నేను వాడలేదు. విచారించి, డబ్బు వచ్చిన ఖాతాకే తిరిగి పంపవలెను. అందుకు నా ఖాతా నుంచి ఆ మొత్తం తీయడానికి సమ్మతిస్తున్నాను. ఫలానా ఫోన్ నంబరు నుంచి ఒకరు వేరే ఖాతాకు పంపమని ఒత్తిడి చేస్తున్నారు.’ కింద సంతకం, తేదీ. రెండు ప్రతులు. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఆ ముద్ర పడిన కాగితమే ముఖ్యం. దాని నకలు ఒకటి స్థానిక పోలీసు స్టేషనులో కూడా ఇప్పించినాను.

కౌంటరు దగ్గరున్న ఉద్యోగి కాగితం చూసి, ‘దీనికింత గొడవెందుకు, వాళ్లు అడిగిన నంబరుకు మీరే వేసేయండి’ అన్నాడు. నాకు బాధేసింది. మా కాలంలో గుమాస్తా నోటి నుంచి ఆ మాట వస్తే మేనేజరు ఊరుకునేవాడు కాదు. పట్టుబట్టి ముద్ర వేయించుకున్నాము.

కొన్ని వారాలకు బ్యాంకు నుంచి కబురు వచ్చింది. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నోటీసు. ఆ 20,000 అక్కడ మోసపోయిన ఒకావిడ ఖాతా నుంచి లాగిన డబ్బు. దొంగలు అలా లాగినదాన్ని నేరుగా తమ ఖాతాకు వేసుకోరు. సంబంధం లేని నీలాంటి నాలాంటి వాడి ఖాతాలో వేసి, ‘పొరపాటు’ అని ఏడ్చి, వాడి చేతనే తమ నంబరుకు పంపించుకుంటారు. పోలీసులు డబ్బు పోయిన దారి వెంట వస్తే ముందు దొరికేది మధ్యవాడే. పిల్లోడు ఆ రాత్రి పంపి ఉంటే వాడి ఖాతాలో ఆ 20,000ను మళ్లీ పట్టి ఉంచేవాళ్లు, అంటే వాడి సొంత 20,000 పోయినట్టే. పైగా దొంగకు డబ్బు చేరవేసినవాడిగా లెక్క. ముద్ర ఉన్న కాగితం నకలును ఆ కేసు చూసే అధికారికి పంపినాము. బ్యాంకు ఆ 20,000 మాత్రమే పట్టి ఉంచింది, అంగడి ఖాతా నడుస్తూనే ఉంది.

అందరికీ ఇంత సులభంగా జరగదు. కొన్నిసార్లు ఖాతా మొత్తం స్తంభిస్తుంది. అప్పుడు బ్రాంచిలో అరవడం కంటే అడగాల్సింది ఇది: ఏ రాష్ట్రం, ఏ స్టేషను, ఫిర్యాదు నంబరు ఎంత, వివాదంలో ఉన్న మొత్తం ఎంత. అవి రాతలో తీసుకుని, ఆ అధికారికి స్టేట్‌మెంటు, దరఖాస్తు నకలు పంపి, వివాదంలో ఉన్న మొత్తం వరకే పట్టి ఉంచి మిగతాది వదలమని రాయాలి. ఖాతా తెరిపిస్తామని ఫోన్ చేసి డబ్బు అడిగేవాడు ఇంకో దొంగ.

ఇక రెండో రకం మనుషులు. ‘మన ఖాతాలో పడింది, మనదే’ అనేవాళ్లు. వాళ్లకు హైదరాబాదులో జరిగింది చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో స్టేట్ బ్యాంకు రంగారెడ్డి కలెక్టరేట్ శాఖలో దళిత బంధు పథకం డబ్బు జమ చేయబోయి పొరపాటున ఒక ప్రైవేటు ఆసుపత్రి ఉద్యోగుల జీతం ఖాతాలకు వేసినారు. 15 మందికి, తలా 10 లక్షలు. బ్యాంకు తప్పు తెలుసుకుని అడిగితే 14 మంది తిరిగి ఇచ్చినారు. ఒకాయన, ల్యాబ్ టెక్నీషియన్, అది కేంద్ర ప్రభుత్వ పథకం డబ్బు అనుకున్నానని, అప్పులు తీర్చుకున్నానని ఇవ్వలేదు. బ్యాంకు సైఫాబాదు పోలీసులకు ఫిర్యాదు చేసింది. శిక్షాస్మృతి 403వ సెక్షన్ కింద కేసు పెట్టినారు. ఆయన నుంచి 6.70 లక్షలు రాబట్టినారు, ఇంకా 3.30 లక్షలు రావాల్సి ఉందని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. తప్పు చేసింది బ్యాంకు. కేసు మాత్రం వాడుకున్న ఆయన మీద పడింది.

అందులో అన్యాయం ఉందని కొందరు నాతో వాదించినారు. బ్యాంకు అజాగ్రత్త మీద నాకూ కోపమే. కానీ చట్టం ఈ విషయంలో మా తాతల నాటి నుంచీ ఒకే మాట చెబుతోంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 72వ సెక్షన్ ప్రకారం, పొరపాటున చేరిన డబ్బును పుచ్చుకున్నవాడు తిరిగి ఇవ్వాలి. ఎవరు పొరపాటు చేసినారన్నది అక్కడ ప్రశ్న కాదు. దురుద్దేశంతో సొంతానికి వాడుకుంటే అది నేరం. 2024 జూలై 1 నుంచి పాత శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. పాత 403 ఇప్పుడు 314. పాత చట్టంలో జరిమానాతో బయటపడే వీలుండేది. కొత్తదాంట్లో ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్ల వరకు జైలు, జరిమానా కూడా.

దారిలో దొరికిన వస్తువు సంగతి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. యజమానికి ఇవ్వాలని తీసి దాచితే నేరం కాదు. యజమాని ఎవరో తెలిసీ, లేదా తెలుసుకునే వీలుండీ, తగినంత ప్రయత్నం చేయకుండా వాడుకుంటే నేరం. రోడ్డు మీద దొరికిన నోటు మీద యజమాని పేరు ఉండదు. ఖాతాలో పడిన ప్రతి రూపాయి వెనక పంపిన ఖాతా ఉంటుంది, యూటీఆర్ ఉంటుంది. తెలుసుకునే వీలు లేదని ఏ కోర్టులోనూ చెప్పలేము. అందుకే ఆ డబ్బును కదిలించొద్దు. వడ్డీ వస్తుందని డిపాజిట్‌గా మార్చొద్దు, భార్య ఖాతాకు మార్చొద్దు, తర్వాత సర్దుదామని ఎరువుల అంగడికి కట్టొద్దు. ఖాతాలో మన డబ్బు కూడా ఉంటే, వచ్చిన మొత్తానికి తక్కువ కాకుండా నిల్వ ఉంచుకుని మిగతాది వాడుకోవచ్చు.

బ్యాంకు సొంత తప్పుతో వేసిన జమ అయితే బ్యాంకే ఆపి సరిచేస్తుంది. 2022 మే నెలలో చెన్నై టీ నగర్‌లో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఖాతాదారులు నూరుమందికి తలా 13 కోట్లు పడినట్టు కనిపించింది. సాఫ్ట్‌వేరు మార్పులో లోపం అన్నారు, ఆ ఖాతాలను ఆపి సరిచేసినారు. వేరేవాడు తప్పు నంబరు కొట్టి పంపినదైతే మాత్రం సాధారణంగా ఖాతాదారు ఒప్పుకోలు అడుగుతారు. మనం ముందే రాసిచ్చిన కాగితం అక్కడ పని చేస్తుంది, అవతలివాడు నెలలు తిరగాల్సిన పని తప్పుతుంది. అతను నిజంగా ఆస్పత్రి ఖర్చుకు పంపబోయినవాడు కూడా కావచ్చు. కాబట్టి తెలిసిన రోజే బ్రాంచికి పోవాలి, వారం ఆగకూడదు.

ఇంకొక రకం ఉంది, మన పిల్లల ప్రాణాలు తీసినది. అడక్కుండానే కొన్ని వేలు ఖాతాలో వేసి, వారం తిరగకముందే రెండింతలు కట్టమని బెదిరించే అప్పుల యాప్‌లు. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు వీళ్ల మీద వరుసగా కేసులు పెట్టినప్పుడే ఈ ఘోరం అందరికీ తెలిసింది. మా ఊళ్లో పంట ఎండినప్పుడు షావుకారు దగ్గరికి మనమే నడిచిపోయి అప్పు అడిగేవాళ్లం, వడ్డీ ఎంతో మొహం మీద చెప్పేవాడు. ఇక్కడ అడగని అప్పు, తెలియని వడ్డీ. ఇలా పడినా దారి అదే: వాడొద్దు, వాళ్లు పంపిన లింకు మీద కట్టొద్దు, బ్యాంకులో రాసివ్వండి. బెదిరింపు మొదలైతే 1930కి ఫోన్ చేసి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. ఫోటోలు మార్చి బంధువులకు పంపుతామంటే ఇంట్లో పెద్దవాళ్లకు ముందే చెప్పేయండి. దాచుకున్నవాళ్లనే వాళ్లు పీడిస్తారు.

బ్రాంచి వాళ్లు దరఖాస్తు తీసుకోకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో మేనేజరు పేరిట పంపి రశీదు దాచుకోండి. నెల రోజులైనా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు సరిగా లేకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చు లేదు. దారి తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగవచ్చు.

నా తర్వాత బ్యాంకు కౌంటర్లలో కూర్చున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక విన్నపం. మాకున్న సస్పెన్స్ ఖాతా, లెడ్జరు తిప్పే తీరిక మీకు లేవు, నాకు తెలుసు. కానీ ఒక అంగడివాడో, ఉపాధి కూలి చేసుకునే ఆడమనిషో ‘నాది కాని డబ్బు నా ఖాతాలో పడింది సార్’ అని కాగితం పట్టుకుని వస్తే, దాన్ని తీసుకుని ముద్ర వేసి ఇవ్వండి. మీరే వేసేయండి అని మాత్రం చెప్పకండి.